పసుపు చెప్పనిది క్యాబేజీ చెబుతుంది

ఈ మాటలు ముఖ్యంగా ఏడో తరగతికి సైన్సు చెప్పే టీచర్లకు, ఇంట్లో పిల్లల చేత చిన్న చిన్న ప్రయోగాలు చేయించే తల్లిదండ్రులకు. ఆమ్లాలు, క్షారాలు అనే పాఠాన్ని వంటింటి వస్తువులతో ఎలా ప్లాను చేసుకోవాలో ఈ పూట చూద్దాం. కొలతలు కొన్ని చెబుతాను కాబట్టి ఒక కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది.

పెళ్లికూతురికి, బాలింతకు, కొత్తగా గడపలోకి వచ్చిన కోడలికి ఎర్రనీళ్లతో దిష్టి తీయడం మన ఇళ్లల్లో అందరూ చూసిందే. పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు వేసి, కాస్త సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడతాయి. పసుపు పచ్చనిది, సున్నం తెల్లనిది, వచ్చిన రంగు మాత్రం ఎరుపు. పారాణి కూడా ఇలా తయారైనదే. కాబట్టి సూచిక అన్న మాట క్లాసులో వినకముందే పిల్లలు సూచికను చూసి ఉంటారు. పసుపులో కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంది. క్షారం తగిలితే దాని అణువు నుంచి హైడ్రోజన్ అయాను ఒకటి ఊడిపోతుంది. అప్పుడు అది పీల్చుకునే కాంతి మారిపోయి, మన కంటికి ఎరుపు కలిసిన గోధుమరంగుగా కనిపిస్తుంది.

ఇంతవరకు చాలామంది టీచర్లకు తెలిసిందే. ప్లానింగులో వచ్చే చిక్కు వేరే ఉంది. పసుపు, ఎర్ర క్యాబేజీ, మందారం, బీట్‌రూటు, అన్నీ ఒకే రోజు బల్ల మీద వరసగా పెట్టి, ఆరేడు ద్రవాలు చుక్కలు చుక్కలుగా వేయించి, పెద్ద పట్టిక నింపిస్తాం. పిల్లలు రంగులు చూసి సంబరపడతారు, పట్టిక నింపుతారు. ఆ పట్టికలో ఏ రంగు ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అని ఆలోచించే పని మాత్రం వాళ్లకు పడదు. నేను చెప్పే ప్లానులో సూచికలు రెండే. ముందు పసుపు, తరువాత క్యాబేజీ. ఈ వరస మార్చకూడదు. ఎందుకంటే పసుపుకు ఒక లోపం ఉంది. ఆ లోపం పిల్లలే కనిపెట్టాలి. అది కనిపెట్టాకే వాళ్లకు క్యాబేజీ అవసరం పడుతుంది.

ఆ లోపం ఏమిటంటే, పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. నిమ్మరసం వేసినా పచ్చగానే ఉంటుంది, పంచదార నీళ్లు వేసినా పచ్చగానే ఉంటుంది. "ఇది క్షారం" అని అది చెప్పగలదు, "ఇది క్షారం కాదు" అనీ చెప్పగలదు. క్షారం కానిది ఆమ్లమా, తటస్థమా అంటే దాని దగ్గర జవాబు లేదు.

ఇక సామగ్రి. మొదట పసుపు కాగితం. కుర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ మూడు చెంచాలు తీసుకుని, ఒక చెంచా పసుపు కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పొడి అడుక్కు దిగి, పైన చిక్కటి పచ్చని తేట మిగులుతుంది. వడపోత కాగితం గానీ, రంగు, వాసన లేని తెల్ల టిష్యూ కాగితం గానీ అందులో ముంచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే కుర్కుమిన్ వెలిసిపోతుంది. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి ఈ పని పొయ్యికి దూరంగా, పెద్దవాళ్లు చేయాలి. ఆరిన కాగితాన్ని అంగుళం వెడల్పు ముక్కలుగా కత్తిరించుకుంటే సరి. స్పిరిట్ లేకపోతే నీళ్లతో పసుపు ముద్ద చేసి కాగితానికి పూసినా పనిచేస్తుంది, కాకపోతే రంగు అక్కడక్కడ మచ్చలుగా పడుతుంది.

రెండోది క్యాబేజీ రసం. ఎర్ర క్యాబేజీ అంటాం గానీ, దాని ఆకు ఊదా రంగులో ఉంటుంది. పట్టణాల్లో సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. క్లాసు మొత్తానికి ఎంత కావాలో లెక్క వేసుకోండి. 40 మంది పిల్లలు, నలుగురికి ఒక జట్టు చొప్పున పది జట్లు. ఒక్కో జట్టుకు ఆరు ద్రవాలు, ఒక్కో ద్రవానికి పది చుక్కల రసం. మొత్తం 600 చుక్కలు. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. అంటే కావలసింది 30 మిల్లీలీటర్లు, ఆరు చెంచాలు. ఒలికిపోయేది, మళ్లీ అడిగేది కలుపుకున్నా ఒక టీ కప్పు చాలు. దానికోసం క్యాబేజీ గడ్డంతా కొయ్యనక్కర్లేదు. మూడు నాలుగు ఆకులు, ఓ వంద గ్రాములు, సన్నగా తరిగి, పావు లీటరు నీళ్లలో స్టీలు గిన్నెలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, ఆ లోహం కలిసి రంగు నీలం వైపు జరగవచ్చు.

ఇక్కడే చాలామంది ప్లాను తప్పుతుంది. కారణం క్యాబేజీ కాదు, నీళ్లు. మన ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల కఠినమైనవి. వాటిలో బైకార్బనేటు లవణాలు కరిగి ఉంటాయి. మరిగించేసరికి వాటిలోని కార్బన్ డయాక్సైడు పైకి పోయి, నీళ్లు ఇంకాస్త క్షార గుణం పొందుతాయి. అందులో ఉడికిన క్యాబేజీ రసం ఊదాగా కాక నీలంగా దిగుతుంది. మొదటే నీలంగా ఉన్న రసంతో తటస్థం ఏ రంగో చూపించలేం. కాబట్టి వాన నీళ్లు గానీ, ఫిల్టరు నీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. బ్యాటరీ యాసిడ్ సీసా వేరు, డిస్టిల్డ్ వాటర్ సీసా వేరు, కొనేటప్పుడు లేబుల్ రెండుసార్లు చదవండి. రసం సరిగా వచ్చిందా లేదా అన్నది తెలుసుకోవడానికి తెల్ల గిన్నెలో ఒక చెంచా పోసి చూడండి. వంకాయ తొక్క రంగుకు దగ్గరగా ఊదాగా ఉంటే సరే. రుచి చూసే ద్రవాలన్నీ, అంటే ఉప్పు, పంచదార, సోడా కరిగించేవన్నీ, ఇదే నీళ్లతో చేయాలి. రసం ముందురోజు రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. బయట ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పులిసి వాసన వేస్తుంది.

రుచి చూసే ద్రవాలు అన్నాను గానీ, క్లాసులో ఎవరూ దేన్నీ నోట పెట్టుకోకూడదు. ఇంట్లో నిమ్మకాయ పులుపని అందరికీ తెలుసు, అది చాలు. పరీక్ష చేసేవి అందాం. అవి ఆరు. నిమ్మరసం, పెరుగు మీద తేరుకున్న తేట, ఉప్పునీళ్లు, పంచదార నీళ్లు, తినే సోడా నీళ్లు, సున్నపు తేట. సున్నపు తేటకు గుల్ల సున్నం తేవద్దు. నీళ్లు పోస్తే అది భగ్గున వేడెక్కి చిమ్ముతుంది. తాంబూలంలో వేసుకునే తడి సున్నం అర చెంచా తీసుకుని, గ్లాసెడు నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైతేట మాత్రం వంచుకోవాలి. ఇది కంట్లో పడితే చాలా ప్రమాదం. అందుకే దీన్ని టీచరే చుక్కలుగా వేయాలి, పక్కనే బకెట్టు మంచినీళ్లు ఉండాలి. బాత్రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ పొడి క్లాసులోకి రానే రాకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. పైగా బ్లీచింగ్ క్యాబేజీ రంగును మార్చదు, చంపేస్తుంది. రంగు పోయిన దాన్ని చూసి పిల్లలు అదీ ఒక ఫలితమే అనుకుంటారు.

గాజు పరికరాలు అవసరం లేదు. మంచినీళ్ల సీసాల తెల్ల మూతలు ఆరు, సూది లేని సిరంజి ఒకటి ఉంటే ఒక జట్టుకు సరిపోతుంది. మూత తెల్లనిదే కావాలి, నీలి మూతలో నీలి రంగు కనిపించదు.

ఇప్పుడు క్లాసులోకి వెళ్దాం. పీరియడ్ 45 నిమిషాలు అనుకుందాం. మొదటి పది నిమిషాలు పసుపు కాగితానివి. ఆరు ద్రవాల మూతల మీద పేర్లు రాయకండి, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేయండి. పెరుగు తేట కాస్త మసకగా ఉంటుంది, నిమ్మరసం వాసనకే దొరికిపోతుంది, ఫరవాలేదు. పిల్లలు ఒక్కో ముక్క మీద ఒక్కో ద్రవం చుక్క వేస్తారు, సున్నపు తేట చుక్క మాత్రం టీచరే వేయాలి. సున్నపు తేట పడిన చోట వెంటనే ఎర్రగా మారుతుంది. నిమ్మరసం, పెరుగు తేట, ఉప్పు, పంచదార పడిన నాలుగు చోట్లా పచ్చగానే ఉంటుంది. తినే సోడా దగ్గర తగువు మొదలవుతుంది. ఒక జట్టు "మారింది మేడమ్" అంటుంది, ఇంకో జట్టు "మారలేదు" అంటుంది.

ఆ తగువును తీర్చకండి. దానికి మంచి కారణం ఉంది. పిహెచ్ 7 దాటి కొంచెం పైకి వెళ్లాక, సుమారు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్యలో పసుపు రంగు మారడం మొదలవుతుంది. తినే సోడా నీళ్ల పిహెచ్ 8.3 చుట్టూ ఉంటుంది. అంటే అది సరిగ్గా ఆ గడప మీదే నిలబడి ఉంది. కాగితం మీద పసుపు దట్టంగా ఉంటే ఒక రంగు, పలచగా ఉంటే ఒక రంగు కనిపిస్తుంది. ఇద్దరూ సరిగానే చూశారు. బోర్డు మీద "సోడా: తేలలేదు" అని రాసి వదిలేయండి.

తరువాత అయిదు నిమిషాలు ఏ ప్రయోగమూ లేదు. ఒకటే ప్రశ్న. "నాలుగు చోట్ల పసుపు మారలేదు కదా, ఆ నాలుగూ ఒకటేనా?" నిమ్మరసం వాసన పట్టిన పిల్లలు కాదంటారు. "మరి కాగితం మీద తేడా చూపించండి" అనండి. చూపించలేరు. ఈ అయిదు నిమిషాలే పాఠానికి మూలం. పసుపుతో పని జరగదని వాళ్ల నోటితో వచ్చాకే క్యాబేజీ రసం బల్ల మీద పెట్టాలి. ముందే పెడితే వాళ్ల కళ్లు దాని మీదే ఉంటాయి.

ఇక పదిహేను నిమిషాలు క్యాబేజీవి. ప్రతి మూతలో పది చుక్కల ద్రవం, దానికి పది చుక్కల రసం. నిమ్మరసంలో ఎర్రని గులాబీ రంగు వస్తుంది. పెరుగు తేటలో అంత ఎరుపు రాదు, ఊదా కలిసిన గులాబీ వస్తుంది. రెండూ ఆమ్లాలే, కానీ నిమ్మరసం బాగా పుల్లన, పెరుగు తేట కాస్త తక్కువ. ఆ తేడా కూడా రంగులో పడింది. పంచదార నీళ్లలో రసం తన ఊదా రంగులోనే ఉంటుంది. ఉప్పునీళ్లలోనూ అంతే, కానీ ప్యాకెట్ ఉప్పు గడ్డకట్టకుండా కలిపే పదార్థాల వల్ల ఒక్కోసారి కాస్త నీలం తిరగవచ్చు, ముందురోజు రాత్రే ఒకసారి చూసుకోండి. తినే సోడాలో తేటగా నీలం వస్తుంది. పసుపు దగ్గర తేలని తగువు ఇక్కడ తేలుతుంది. అది క్షారమే, కానీ సున్నమంత బలమైనది కాదు. సున్నపు తేటలో ఆకుపచ్చ వస్తుంది.

ఇన్ని రంగులు ఎలా వస్తున్నాయంటే, క్యాబేజీలో ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు ఉన్నాయి. ఇవి కుర్కుమిన్‌లా ఒక గడప దగ్గర ఒకసారి మారి ఊరుకోవు. ఆమ్ల గుణం తగ్గుతున్న కొద్దీ వాటి అణువు అంచెలంచెలుగా రూపు మార్చుకుంటుంది. ఎరుపు, గులాబీ, ఊదా, నీలం, ఆకుపచ్చ, చివరికి పసుపుపచ్చ. మొక్కల రంగులతో ఇలా రెండు వైపులా చూడడం పాతదే. 1664లో రాబర్ట్ బాయిల్ రంగుల మీద రాసిన పుస్తకంలో వయొలెట్ పూల పాకం ఆమ్లంలో ఎర్రబడుతుందని, క్షారంలో ఆకుపచ్చగా మారుతుందని రాశాడు. మన క్యాబేజీ చేసేదీ అదే. అప్పటికి పిహెచ్ అనే కొలత లేదు. దాన్ని డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టాడు. కొలత రాకముందే పూల రంగుతో వర్గాలు చేయగలిగారన్నది పిల్లలకు చెప్పదగిన సంగతే.

ఒక జాగ్రత్త. సున్నపు తేటలో వచ్చిన ఆకుపచ్చ ఎక్కువసేపు నిలవదు. కాసేపట్లో పసుపుపచ్చ వైపు జారిపోతుంది. అంత బలమైన క్షారంలో ఆంథోసయనిన్ చెడిపోతుంది. బాగా చెడిపోయాక నిమ్మరసం పోసినా పాత గులాబీ రంగు తిరిగి రాదు. అందుకని సున్నపు తేటలో రసం వేయగానే రంగు రాసుకోమనండి. పట్టికలో ఒక జట్టు ఆకుపచ్చ, ఇంకో జట్టు పసుపుపచ్చ రాసిందంటే, రెండో జట్టు ఆలస్యంగా చూసిందని అర్థం.

మిగిలిన పదిహేను నిమిషాల్లో తటస్థీకరణం. ఇది టీచరు చేసి చూపించేది. చిన్న గాజు గ్లాసులో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల సున్నపు తేట, ఇరవై చుక్కల క్యాబేజీ రసం. వెనుక తెల్ల కాగితం పెట్టండి. ఇందులోకి నిమ్మరసాన్ని చుక్క చుక్కగా వేయాలి. నిమ్మరసాన్ని అలాగే వేస్తే అయిదారు చుక్కల్లోనే పని అయిపోయి, రంగు ఆకుపచ్చ నుంచి గులాబీకి దూకేస్తుంది, మధ్య రంగులు ఎవరికీ కనబడవు. కాబట్టి వడకట్టిన నిమ్మరసం ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు కలపండి. అప్పుడు సుమారు ముప్పై చుక్కలు పడతాయి. నిమ్మకాయను బట్టి, సున్నపు తేటను బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. పిల్లలంతా కలిసి చుక్కలు లెక్కపెట్టాలి. చాలాసేపు ఆకుపచ్చ కదలదు. తరువాత నీలం కనబడుతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు చుక్కల్లోనే ఊదా, ఇంకో చుక్కకు గులాబీ. మొదటి ఇరవై చుక్కలు ఏమీ చేయలేదా, చివరి చుక్క ఒక్కటే పని చేసిందా అని అడగండి. ప్రతి చుక్కా కొంత సున్నాన్ని ఖర్చు చేసింది, మిగిలిన సున్నం రంగును నిలబెట్టింది, అది అయిపోయాకే రంగు తిరిగింది. ఈ మాట పిల్లలు తమ మాటల్లో చెప్పగలిగితే, పెద్ద క్లాసులో టైట్రేషన్ వచ్చినప్పుడు వాళ్లకు కొత్తగా ఉండదు.

పల్లెటూళ్లలో ఎర్ర క్యాబేజీ ఎక్కడ దొరుకుతుంది అనవచ్చు. శంఖుపుష్పం దొరుకుతుంది. నీలి శంఖుపూలు పది పదిహేను, ఒక కప్పు వేడి శుభ్రమైన నీళ్లలో వేసి పావుగంట ఉంచితే చక్కని నీలి రసం వస్తుంది. నిమ్మరసంలో అది ఊదా, గులాబీల వైపు తిరుగుతుంది, సున్నపు తేటలో ఆకుపచ్చ అవుతుంది. తటస్థం ఊదా కాదు, నీలం, అదొక్కటి గుర్తుంచుకుని పట్టిక మార్చుకోవాలి. ఎర్ర మందారం కూడా రెండు వైపులా మారుతుంది, ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. బీట్‌రూటు మాత్రం ఈ పనికి రాదు. చూడడానికి రంగు క్యాబేజీ కన్నా గాఢంగా ఉంటుంది. కానీ అందులో ఉన్నది ఆంథోసయనిన్ కాదు, బీటాలైన్ అనే వేరే రకం. నిమ్మరసంలోనూ, ఉప్పునీళ్లలోనూ, తినే సోడాలోనూ ఎర్రగానే ఉండి, బాగా బలమైన క్షారంలో మాత్రమే పసుపుపచ్చ అవుతుంది. రంగు ఉన్నదల్లా సూచిక కాదని చెప్పడానికి మరో రోజు తెచ్చుకోవచ్చు.

పాఠం పిల్లలకు అందిందా లేదా ఎలా తెలుస్తుంది? "పసుపు ఏ రంగుకు మారును" అన్న ఖాళీలు పూరించే ప్రశ్న వేస్తే తెలియదు. ఈ పని ఇవ్వండి. ఒక పసుపు కాగితం ముక్క ఇచ్చి, క్యాబేజీ రసం లేకుండా, పసుపుతోనే నిమ్మరసాన్ని పట్టుకోమనండి. కాసేపు తంటాలు పడతారు. ఎవరో ఒకరికి ఎర్రనీళ్లు గుర్తొస్తాయి. ముందు టీచరు చేత సున్నపు తేట చుక్క వేయించుకుని కాగితాన్ని ఎర్రగా చేసి, తడి ఆరకముందే నిమ్మరసం చుక్క వేస్తే అక్కడ మళ్లీ పచ్చబడుతుంది. ఎర్రబడిన పసుపు ఆమ్లాన్ని పట్టిస్తుంది.

అప్పుడు టీచరు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. "పచ్చబడింది నిమ్మరసంలోని పులుపు వల్లేనా, ఉత్త నీళ్లు తగిలినా పచ్చబడేదా?" ఇది ఊరికే వేసే ప్రశ్న కాదు. చొక్కా మీద పడిన కూర మరక సబ్బు రుద్దగానే ఎర్రబడి, ఎక్కువ నీళ్లతో జాడిస్తే మళ్లీ పచ్చబడడం ఇంట్లో చూసిందే. సబ్బు కొట్టుకుపోయినా పచ్చబడుతుంది. కాబట్టి నిమ్మరసం చుక్క పక్కనే అంతే పెద్ద పంచదార నీళ్ల చుక్క వేసి, రెండింటినీ పోల్చి చూడాలి. నిమ్మరసం పడిన చోట మాత్రమే పచ్చబడితే జవాబు దొరికినట్టు. ఆ రెండో చుక్క వేయాలని మీరు చెప్పకముందే క్లాసులో ఎవరైనా అడిగితే, మార్కుల పుస్తకంలో ఆ పేరుకు ఎదురుగా ఒక టిక్కు పెట్టుకోండి. అడగకపోతే మరుసటి పీరియడ్ ఆ చుక్కతోనే మొదలుపెట్టండి.